తప్పొప్పుల్లో అందరికీ మార్కులు, చిన్న ప్రశ్నల్లో అన్నీ ఖాళీలు

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి సైన్స్ చెబుతున్నాను. తరగతిలో 42 మంది. ‘మొక్కలలో పోషణ’ పాఠం సగం అయ్యాక, పిల్లలకు ఎంత అర్థమైందో చూద్దామని చిన్న క్విజ్ పెట్టాను. పది తప్పొప్పులు, ఐదు స్వల్ప సమాధాన ప్రశ్నలు. తప్పొప్పుల్లో దాదాపు అందరికీ ఎనిమిది, తొమ్మిది వచ్చాయి. స్వల్ప సమాధానాలు మాత్రం సగం ఖాళీ, మిగతా సగం పుస్తకంలోని వాక్యాలే. దిద్దడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అంతా దిద్దాక కూడా మర్నాడు ఏం మళ్లీ చెప్పాలో తెలియలేదు.

నేనిచ్చిన తప్పొప్పుల్లో కొన్ని: ‘ఆకుపచ్చని మొక్కలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారాన్ని తయారుచేసుకుంటాయి’, ‘పుట్టగొడుగులన్నీ ఎల్లప్పుడూ విషపూరితమే’, ‘పత్రరంధ్రాలు ఆకుల్లో ఉంటాయి, అవి నేలలోని నీటిని పీల్చుకుంటాయి’. స్వల్ప సమాధానాల్లో ‘కిరణజన్య సంయోగక్రియ గురించి రాయండి’, ‘పరాన్నజీవి అంటే ఏమిటి?’ వంటివి ఉన్నాయి.

తప్పొప్పులు గుడ్డిగా పెడుతున్నారు కాబట్టి వాటిని తీసేయమని తోటి టీచర్ అంటున్నారు. అన్నీ బిట్సే ఇస్తే దిద్దడం తేలికని మరొకరు అంటున్నారు. మార్కులు రిజిస్టర్లో ఎక్కించమని మా హెచ్.ఎం. గారు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

— ఒక సైన్స్ టీచర్

సమాధానం: ముందుగా మీ తోటి టీచర్ అనుమానం తీర్చేద్దాం. మీ పిల్లలు గుడ్డిగా పెట్టలేదు. పది తప్పొప్పులకు ఏమీ తెలియకుండా టిక్కులు పెట్టే పిల్లవాడికి సగటున ఐదు వస్తాయి. ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే అవకాశం వందలో ఐదారు పాళ్లే. 42 మందీ కళ్లు మూసుకుని పెట్టినా ఇద్దరు ముగ్గురికి మించి ఎనిమిదికి చేరరు. మీ తరగతిలో దాదాపు అందరూ చేరారు కాబట్టి జవాబును మీ వాక్యాలే చెప్పేస్తున్నాయని అనుకోవాలి. పక్కవాళ్ల కాగితం చూసి రాయడం కూడా కొంత కలిసి ఉండవచ్చు, దాని సంగతి తర్వాత చూద్దాం.

మీరు రాసిన మూడు వాక్యాలూ మూడు రకాలుగా జవాబు బయటపెడుతున్నాయి. మొదటిది పుస్తకంలో నుంచి తీసిన వాక్యం. చెవిలో పడ్డ మాట మళ్లీ వినబడితే పిల్లలు ‘ఒప్పు’ అంటారు, అర్థం తెలియనక్కర్లేదు. రెండో వాక్యంలో ‘అన్నీ’, ‘ఎల్లప్పుడూ’ ఉన్నాయి. ఇలాంటి మాటలున్న వాక్యం ఎప్పుడూ తప్పే అవుతుందని ఏడో తరగతికి వచ్చేసరికి పిల్లలకు అలవాటైపోతుంది. పుట్టగొడుగుల కూర తినే ఇంటి పిల్లలకు అసలు పాఠంతోనే పనిలేదు. మూడోదాంట్లో రెండు సంగతులున్నాయి, ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. ‘తప్పు’ అని రాసిన పిల్లవాడు పత్రరంధ్రాలు ఆకుల్లో ఉండవనుకున్నాడో, నీరు పీల్చవనుకున్నాడో మీకు తెలిసే దారి లేదు. సరైన జవాబు వచ్చినా దాని నుంచి మీకేమీ దొరకదు.

‘కిరణజన్య సంయోగక్రియ గురించి రాయండి’ అన్నది స్వల్ప సమాధాన ప్రశ్న కాదు. ఎంత రాయాలో, ఎక్కడ ఆపాలో చెప్పలేదు. తెలిసిన పిల్లలు పుస్తకంలోని పేరా దించుతారు, తెలియనివాళ్లు ఖాళీగా వదిలేస్తారు. నిర్వచనం అడిగితే నిర్వచనమే వస్తుంది. మీకు కనబడిన ఖాళీలకూ పుస్తకపు వాక్యాలకూ కారణం ఇక్కడే ఉంది.

తప్పొప్పులు ఎన్ని, స్వల్ప సమాధానాలు ఎన్ని అన్న లెక్క ఎలా మార్చినా ఇది సరికాదు. రెండు రకాలనూ కలపడంలో లాభం ఒకే చోట ఉంది: ఒకే భావనను రెండు వైపుల నుంచి అడిగినప్పుడు. తప్పొప్పులో సరిగ్గా పెట్టిన పిల్లవాడు అదే సంగతి సొంత మాటల్లో రాయాల్సి వచ్చినప్పుడు తడబడితే, అతనికి వాక్యం వచ్చింది, విషయం రాలేదు. ఆ తేడా ఒక్క రకం ప్రశ్నలతో దొరకదు. మీ క్విజ్‌లో తప్పొప్పులు పుట్టగొడుగుల మీద, పత్రరంధ్రాల మీద ఉంటే, స్వల్ప సమాధానాలు పరాన్నజీవుల మీద ఉన్నాయి. కిరణజన్య సంయోగక్రియ ఒక్కటే రెండింట్లోనూ ఉన్నా, రెండు చోట్లా పుస్తకపు వాక్యమే జవాబు. కాబట్టి ఒకదాన్ని మరొకదానితో పోల్చడానికి వీల్లేదు.

కాబట్టి ప్రశ్నలు రాసే ముందు ఒక్క భావన తీసుకోండి. ఈ పాఠంలో నేనైతే ‘మొక్కకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుంది’ అన్నదే తీసుకుంటాను. ఎందుకంటే ఈ పాఠంలో పిల్లలు గట్టిగా పట్టుకుని వచ్చే తప్పుడు నమ్మకం ఇక్కడే ఉంది: మొక్క వేళ్లతో నేలలోంచి ఆహారం తింటుంది, ఎరువంటే మొక్కకు అన్నం. పొలం పనులు చూస్తూ పెరిగిన పిల్లలకు ఇది మరీ సహజంగా తోస్తుంది. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం అప్పజెప్పే పిల్లలు కూడా ఈ నమ్మకాన్ని వదలరు, రెండూ పక్కపక్కనే పెట్టుకుంటారు.

ఆ భావన మీద నాలుగు తప్పొప్పులు, రెండు స్వల్ప సమాధానాలు చాలు. పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇలా ఉండొచ్చు:

స్వల్ప సమాధానాలు

1. ఒక పెద్ద తొట్టిలో సుమారు 90 కిలోల ఎండుమట్టి నింపి చిన్న మొక్క నాటారు. ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశారు. చెట్టు బరువు దాదాపు 74 కిలోలు పెరిగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే 60 గ్రాములు కూడా తగ్గలేదు. చెట్టుకు ఈ బరువంతా వేటి నుంచి వచ్చి ఉంటుంది? రెండు వాక్యాల్లో రాయండి.

2. పసుపు రంగు బంగారు తీగ (కస్కుటా) ఒక చెట్టు మీద పాకింది. ఆ చెట్టు ఎండిపోతే తీగ ఏమవుతుంది? ఎందుకు? ఒక్క వాక్యంలో రాయండి.

తప్పొప్పులు

3. మొక్కలు వేళ్ల ద్వారా నేల నుంచి ఆహారాన్ని పీల్చుకుంటాయి.

4. ఎర్ర తోటకూర ఆకుల్లో పత్రహరితం ఉంటుంది.

5. బ్రహ్మజెముడు మొక్కలో ఆహారం ముళ్లలో తయారవుతుంది.

6. మూడు రోజులు చీకటి గదిలో ఉంచిన మొక్క ఆకుకు అయోడిన్ పరీక్ష చేస్తే నీలి నలుపు రంగు వస్తుంది.

మొదటి ప్రశ్నలోని తొట్టి కల్పన కాదు. వాన్ హెల్మాంట్ విల్లో మొక్కతో చేసిన ప్రయోగం, ఆయన పోయాక 1648లో అచ్చయింది. 200 పౌండ్ల మట్టిలో రెండు ఔన్సులు మాత్రమే తగ్గిందని ఆయన రాశాడు. బరువంతా నీటి నుంచే వచ్చిందని తేల్చాడు, అది సగమే నిజం. ఆ సగం నిజమే మీకు దిద్దేటప్పుడు పనికొస్తుంది. ఈ ప్రశ్నకు పుస్తకంలో దించుకోవడానికి వాక్యం దొరకదు, ఖాళీగా వదలడానికీ కారణం లేదు, ఎందుకంటే ఏదో ఒకటి ఊహించి రాయొచ్చు.

తప్పొప్పుల్లో ఒక్కో వాక్యంలో ఒక్కటే సంగతి ఉందని గమనించండి. తప్పు వాక్యాలు మనం ఊరికే మాట మార్చి రాసినవి కావు, పిల్లలు నిజంగా నమ్మేవి. ఐదోది చూడండి. బ్రహ్మజెముడు ముళ్లు రూపాంతరం చెందిన ఆకులని చెబుతాం, ఆకు ఆహార కర్మాగారమని చెబుతాం. ఈ రెండూ గుర్తున్న పిల్లవాడు ‘అయితే ఆహారం ముళ్లలోనే’ అనుకుంటాడు. ఆకుపచ్చగా ఉన్న కాండం మీద చూపు పడితేనే ‘తప్పు’ అంటాడు. ఆరోదానికి అయోడిన్‌తో రంగు మారుతుందన్న జ్ఞాపకం సరిపోదు, చీకట్లో ఆకులోని పిండిపదార్థం ఖర్చయిపోతుందని తెలియాలి. నాలుగోది తప్పులా అనిపించే ఒప్పు: ఎర్ర రంగు ఆకుపచ్చను కప్పేస్తుంది.

నాలుగింట్లో మూడు తప్పు వాక్యాలే. సగం సగం ఉండాలన్న నియమం ఏమీ లేదు. తెలియనప్పుడు మనుషులు ‘ఒప్పు’ వైపే మొగ్గుతారు, అందుకని తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ విడదీయడంలో తప్పు వాక్యాలే ఎక్కువ పనిచేస్తాయి. ప్రతిసారీ ఇలాగే చేస్తే మాత్రం పిల్లలు పసిగట్టేస్తారు. వచ్చే క్విజ్‌లో నిష్పత్తి మార్చండి.

‘కాదు’, ‘లేదు’, ‘ఉండదు’తో ముగిసే వాక్యాలు తప్పొప్పుల్లో పెట్టకండి. ‘కస్కుటా ఆహారం తయారుచేసుకోలేదు’ అన్నదానికి ‘తప్పు’ అని రాసినవాడు ఏమనుకున్నాడో ఊహించడానికి పెద్దవాళ్లకే ఒక క్షణం పడుతుంది. పరీక్షించాల్సింది సైన్స్, తెలుగు వ్యాకరణం కాదు.

స్వల్ప సమాధానాలను ముందు పెట్టడానికి కారణం ఉంది. ‘వేళ్లు, నేల, ఆహారం’ అన్న మాటలు తప్పొప్పుల్లో చదివాక మొదటి ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే తీస్తారు. అన్నీ ఒకే కాగితం మీద అచ్చేసి ఇస్తే వెనక్కీ ముందుకీ చూసుకుంటారు. జెరాక్సులు కూడా అక్కర్లేదు. మొదటి రెండు ప్రశ్నలూ బోర్డు మీద రాయండి, నోట్‌బుక్ కాగితంలో పావు ముక్క చొప్పున ఇచ్చి మొదటిదానికి నాలుగు నిమిషాలు, రెండోదానికి మూడు నిమిషాలు ఇవ్వండి. తర్వాత కాగితం తిప్పమని, తప్పొప్పులు మీరే చదవండి. ఒక్కోటి రెండుసార్లు చదివి అర నిమిషం ఆగండి. చదవడంలో వెనకబడ్డ పిల్లలకు ఇదొక పెద్ద ఊరట. వాళ్లకు సైన్స్ రాదో, వాక్యం చదవడం రాదో అన్న గందరగోళం తప్పొప్పుల వరకైనా పోతుంది. బోర్డు మీద ప్రశ్నలను కూడా ఒకసారి పైకి చదివితే మంచిది.

తప్పు వాక్యాలను సరిచేసి రాయమనవచ్చా అంటే, అనవచ్చు. ఊహించి నెగ్గడం బాగా తగ్గుతుంది. కానీ ఊరికే ‘సరిచేయండి’ అంటే చాలామంది ‘పీల్చుకోవు’ అని చివర మార్చేసి ఊరుకుంటారు, అది మీకు కొత్తగా ఏమీ చెప్పదు. ఏ మాట మార్చాలో దాని కింద గీత గీసి ఇవ్వాలి. మూడో వాక్యంలో ‘ఆహారాన్ని’ కింద గీత ఉంటే ‘నీటిని, ఖనిజ లవణాలను’ అని రావాలి. ఒప్పు వాక్యాల్లో కూడా గీత గీయాలి, లేకపోతే గీత ఉన్నదే తప్పని తెలిసిపోతుంది. దీనికి మీరు చెల్లించే మూల్యం సమయం: వాక్యాలు బోర్డు మీద రాయాలి, పిల్లలకు ఒక్కోదానికి అదనంగా నిమిషం పట్టవచ్చు, దిద్దడం బరువెక్కుతుంది. రెండు స్వల్ప సమాధానాలు పక్కనే ఉన్నప్పుడు నేను దీన్ని వదిలేస్తాను. ఏదో కారణాన తప్పొప్పులు మాత్రమే పెట్టాల్సి వస్తే మాత్రం తప్పక పెడతాను.

దిద్దడం దగ్గరికి వద్దాం. మీ రెండు సాయంత్రాలూ పోయింది మార్కులు వేయడంలో. ఈ క్విజ్‌కు మార్కులు వేయకుండా కాగితాలను కుప్పలుగా పెట్టండి. తొట్టి ప్రశ్నకు ఏయే జవాబులు వస్తాయో ముందే రాసి పెట్టుకోండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, నీరు రెండూ రాసినవాళ్లు ఒక కుప్ప. నీరు మాత్రమే రాసినవాళ్లు, అంటే వాన్ హెల్మాంట్ చెప్పినట్టే చెప్పినవాళ్లు, రెండో కుప్ప. మట్టి, ఎరువు, నేలలోని పోషకాలు రాసినవాళ్లు మూడో కుప్ప. ‘సూర్యరశ్మి నుంచి’ అని రాసేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకు నాలుగో కుప్ప వేయండి. వాళ్లకు ఎండ కావాలని తెలుసు, ఎండకు బరువు లేదని తట్టలేదు. వాళ్లకు చెప్పాల్సింది వేరు. ఖాళీలు, అర్థం కానివి విడిగా.

ఏ మాటలు అంగీకరిస్తారో కూడా ముందే తేల్చుకోండి. ‘గాలి’ అన్నా, ‘బొగ్గుపులుసు వాయువు’ అన్నా, ‘కార్బన్ డై ఆక్సైడ్’ను ఎలా రాసినా మొదటి కుప్పలోకే. ఇంగ్లీషు మీడియం పుస్తకం చదువుతూ తెలుగులో రాసే పిల్లలు ‘సీఓటూ’ అని కూడా రాస్తారు. అక్షర దోషాల జోలికి ఈ పూట వెళ్లవద్దు. ఇవన్నీ ముందే రాసుకోకపోతే ఇరవయ్యో కాగితం దగ్గర మీ కొలత మారిపోతుంది, మొదట మూడో కుప్పలో వేసినదాన్నే తర్వాత రెండో కుప్పలో వేస్తారు. తొట్టి ప్రశ్న ఒక్కదానికే అయితే 42 కాగితాలకు ఇలా పావుగంట చాలు. రెండో ప్రశ్నకు చూడాల్సింది ఒక్కటే: తీగ చనిపోతుందన్నవాళ్లలో ‘దానికి ఆహారం ఆ చెట్టు నుంచే’ అన్న కారణం ఎంతమంది రాశారు. ‘నీరు దొరకదు కాబట్టి’ అని మాత్రమే రాస్తే, ఆ పిల్లవాడి దృష్టిలో మొక్కకు ఆహారమూ నీరూ ఇంకా ఒకటేనేమో చూడాలి.

తప్పొప్పులకు ఒక్కో పిల్లవాడికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టకండి. నాలుగు ప్రశ్నల్లో నాలుగూ ఊహతో కుదిరే అవకాశం పదహారులో ఒకటి, ఆ లెక్కన 42 మందిలో ఇద్దరు ముగ్గురికి అలా రావచ్చు. ఒక్కో వాక్యానికి తరగతి మొత్తం మీద ఎంతమంది సరిగ్గా పెట్టారో చేతులెత్తించకుండా, కాగితాల నుంచే లెక్కపెట్టండి. సరైన జవాబులు 20 దగ్గర ఆగితే తరగతి ఊహిస్తోందని అనుకోవచ్చు. పదో పన్నెండో వస్తే అది ఊహ కాదు. ఊహిస్తే సగమైనా కుదరాలి, సగానికి బాగా తక్కువ వచ్చిందంటే పిల్లలంతా కలిసి ఒక తప్పుడు సంగతిని నమ్ముతున్నారు. మొదటిదానికి పాఠం మళ్లీ చెబితే సరిపోతుంది. రెండోదానికి సరిపోదు, వాళ్లు నమ్మేదాన్ని వాళ్ల ఎదుటే పరీక్షకు పెట్టాలి.

ఇక రెండింటినీ కలిపి చూడండి. తొట్టి ప్రశ్నకు మూడో కుప్పలో పడ్డ కాగితాలు మాత్రం తిప్పి, వాక్యం 3కు ఏం పెట్టారో చూడండి. అక్కడ ‘తప్పు’ అని సరిగ్గానే పెట్టి ఇక్కడ ‘మట్టి నుంచి’ అని రాసిన పిల్లలు ఉంటారు. పాత క్విజ్‌లో వీళ్లకు పదికి తొమ్మిది వచ్చాయి. మీరు వెతకాల్సింది వీళ్లనే.

మర్నాడు ఏం చేస్తారో క్విజ్ పెట్టకముందే రాసుకోండి. ఇది నా అంచనా లెక్క మాత్రమే, మీ తరగతిని బట్టి మార్చుకోండి: మూడో కుప్పలో పదిహేను మందికి మించితే, తర్వాతి పీరియడ్ మొత్తం తొట్టి లెక్క మీదే పెట్టాలి. నాలుగైదు కాగితాలే ఉంటే, మిగతావాళ్లు వేరే పని చేస్తుండగా ఆ నలుగురినీ దగ్గర కూర్చోబెట్టుకుంటే చాలు. నాలుగో కుప్ప పెద్దదైతే కార్బన్ డయాక్సైడ్, నీరు, గ్లూకోజ్, ఆక్సిజన్ ఉన్న సమీకరణాన్ని మళ్లీ తీసి, అందులో ఏవి పదార్థాలు, ఏది శక్తి అని విడదీయించండి. ఏ ఫలితం వచ్చినా మీరు చేసేది మారదంటే ఆ ప్రశ్న తీసేయడమే మంచిది. అలా చూస్తే ‘పరాన్నజీవి అంటే ఏమిటి?’ అన్నది ఇప్పటికి అక్కర్లేదు.

మీ హెచ్.ఎం. గారి మాటకు మూడు దారులున్నాయి. ఒకటి, దీన్ని రిజిస్టర్లో ఎక్కించకుండా ఉంచి, నిర్మాణాత్మక మూల్యాంకనం కింద ఎలాగూ పెట్టే స్లిప్ టెస్ట్ మార్కులే ఎక్కించడం. అప్పుడు పిల్లలకు ‘తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టండి’ అని చెప్పగలరు, చాలామంది నిజంగానే పెడతారు, పక్కవాళ్లవి చూసి రాయడమూ తగ్గుతుంది. మీ సమాచారం శుభ్రంగా ఉంటుంది. చిక్కేమిటంటే మార్కుల్లేని పనిని కొందరు పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు, కాబట్టి ఆ క్విజ్ వల్లే మర్నాటి పాఠం మారిందని వాళ్లకు కనబడాలి. రెండు, మార్కులు ఎక్కించడం. అప్పుడు ప్రశ్నార్థకాలు పెట్టరు, తప్పొప్పుల జవాబులు బెంచీ మీద వేలి సైగలతో ప్రయాణిస్తాయి, మీకు కనబడేది 42 మంది జ్ఞానం కాదు. తప్పక ఎక్కించాల్సి వస్తే స్వల్ప సమాధానాలకే మార్కులు ఇచ్చి, తప్పొప్పులను మీ కోసం ఉంచుకోండి. తప్పు జవాబుకు మార్కు కోత మాత్రం పెట్టవద్దు, ఈ వయసులో అది భయస్తులనే శిక్షిస్తుంది. మూడు, మార్కు బదులు ‘రాశాడు’ అని హాజరులా టిక్కు ఎక్కించడం. హెచ్.ఎం. గారు దీనికి ఒప్పుకుంటే మొదటి దారి లాభం చాలావరకు దక్కుతుంది, క్విజ్ పెట్టారన్న రికార్డూ ఉంటుంది. నేను ముందుగా అడిగి చూసేది ఇదే.

అన్నీ బిట్సే ఇవ్వమన్న సలహా గురించి: తరగతిలో 70 మంది ఉండి రోజూ పెట్టాల్సి వస్తే అది సమంజసమే, గీత గీసిన మాటలు సరిచేయించే పద్ధతితో. 42 మందికి, వారానికోసారికి, రెండు స్వల్ప సమాధానాలు మోయలేని బరువేమీ కాదు.

కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు టిక్కులూ ఇంటూలూ వద్దు. మూడో కుప్పవాళ్ల కాగితాల మీద ‘మట్టి 60 గ్రాములు కూడా తగ్గలేదు కదా, మరి 74 కిలోలు?’ అని ఒకే ప్రశ్న రాయండి, వాళ్లే సరిచేసి తెస్తారు. రెండో కుప్పవాళ్లకు ‘నీటితో పాటు ఇంకేమి లోపలికి వెళ్లింది?’ అని రాస్తే చాలు.

వారం తర్వాత మళ్లీ చూడాలనుకుంటే అవే వాక్యాలు వాడవద్దు, మూడోది ‘తప్పు’ అని తరగతంతటికీ గుర్తుండిపోతుంది. అదే భావనను వేరే చోట పెట్టండి: ‘మట్టి లేకుండా సీసాలోని నీళ్లలో పెంచిన మనీప్లాంట్ ఆహారం తయారుచేసుకుంటుంది’ — ఒప్పా, తప్పా? పక్కనే ఒక్క వాక్యంలో: ఆ ఆహారానికి కావలసినవి దానికి ఎక్కడెక్కడి నుంచి అందుతాయి? ఈసారి ‘తప్పు’ అన్నవాళ్లలో పాత మూడో కుప్పవాళ్లు ఎంతమంది మిగిలారో చూసుకుని, పరపోషణ భాగంలోకి వెళ్లండి.